ఇద్దరి తీగ: చిన్న కథ, కరెంటు పని తెలిసినవాళ్ళు ఒకసారి చూసి చెప్పండి

గోరింట:

మా పెదనాన్న గుంటూరులో నలభై ఏళ్ళు ఇళ్ళకి వైరింగ్ చేశారు. పని అయిపోయాక ఒక కాగితం మీద తీగల దారంతా గీసి, బోర్డు తలుపు లోపలివైపు మైదా జిగురుతో అంటించి వచ్చేవారు. ఆయన పోయాక అలాంటి కాగితం ఒకటి ఒక పాత మేడలో నా కంటబడింది. దాని చుట్టూ ఈ కథ అల్లుకున్నాను. మనుషుల సంగతి నేను చూసుకుంటాను గానీ కరెంటు సంగతి తప్పు రాస్తే పెదనాన్నకి అన్యాయం చేసినట్టే. తప్పులుంటే మొహమాటపడకుండా చెప్పండి.

*

"దీపం ఉన్నట్టుండి ధగ్గుమంటోంది బాబూ. వంటింటి వైపు ఇస్త్రీపెట్టె పెట్టినప్పుడల్లా ముందుగదిలో బల్బు తెల్లగా అయిపోతోంది," అంది ఇంటావిడ.

చిన్నా సంచి దించాడు. ఐటీఐ అయ్యి ఏడు నెలలు. ఇంకా మేస్త్రి వెనకే తిరుగుతున్నాడు. ఇవాళ మాత్రం మేస్త్రి రాలేదు. కంటి ఆపరేషన్ అయి పది రోజులు కాలేదు. "బ్రాడీపేట మేడలో వైరింగ్ నేను చేసిందే. వెళ్ళి చూసి రా. చెయ్యి పెట్టేముందు తలుపు తీసి చూడు," అన్నాడంతే.

తలుపు తీసి చూడమంటే ఫ్యూజులు చూడమనుకున్నాడు చిన్నా. మూడు పింగాణీ ఫ్యూజులు, పక్కన న్యూట్రల్ లింకు. మెయిన్ కట్టేయబోతే ఇంటావిడ ఆపింది. "ఫ్రిజ్జులో మా ఆయన ఇన్సులిన్ ఉందయ్యా, ఇల్లంతా ఆర్పకు. ముందుగదికే తీసుకో." ముందుగది ఫ్యూజు ఏదో ఆవిడే చూపించింది. అది లాగి జేబులో వేసుకున్నాడు. ముందుగది స్విచ్చుబోర్డు దగ్గర టెస్టర్ పెట్టాడు. వెలగలేదు.

వరండాలో పైన జంక్షన్ బాక్సు. స్టూలెక్కి మూత తీశాడు. నల్లతీగల జాయింటు మీద టేపు కమిలి బిరుసెక్కి, వేలు తగిలితే పొట్టులా రాలింది. లోపల రాగి గోధుమరంగుకి తిరిగిపోయింది. తెగులు దొరికింది. జాయింటు కోసేసి, మంచి రాగి దాకా వలిచి, కొత్తగా మెలేస్తే చాలు. కటింగ్ ప్లయర్ తీశాడు. టేపు చుట్ట సంచిలోనే ఉండిపోయింది.

దాని కోసం దిగాడు. దిగినవాడు బోర్డు తలుపు వేసేద్దామని చెయ్యి పెడితే, లోపలివైపు కాగితం కనిపించింది. కాలెండరు వెనకవైపు. ఎర్ర పెన్సిల్ గీత ముందుగదికి పోయింది. నీలం గీత వంటింటికీ వెనకగదికీ పోయింది. ఆ రెండింటి నడుమ నల్లపెన్సిల్ గీత ఒక్కటే తిరిగొచ్చింది. వరండా దగ్గర ఆ గీత రెండుగా చీలేచోట ఒక సున్నా చుట్టి, పక్కన గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది:

"ఈ తీగ ఇద్దరిది. ఒక్క ఫ్యూజు తీసి దీన్ని ముట్టకు."

చిన్నా స్టూలెక్కి జాయింటు మీద టెస్టర్ పెట్టాడు. ఎర్రగా వెలిగింది. ఒళ్ళు జలదరించింది. దిగొచ్చి, ఇంటావిడకి చెప్పి, మెయిన్ కట్టేశాడు.

సాయంత్రం మేస్త్రి మంచం పక్కన కూచుని జరిగింది చెప్పాడు. మేస్త్రి కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

"కాగితం ఇంకా ఉందా?" అన్నాడు.

"ఉంది. అంచులు చెదలు కొట్టింది."

"అయితే కొత్తది గీద్దాం. కాగితం తే. నేను చెప్తా, నువ్వు గియ్యి."

*

ఓరుగల్లు వైర్‌మన్:

అక్కా, కథ మంచిగున్నది. మేస్త్రి మాటలు చదువుతుంటే నాకు పని నేర్పిన మా కాక యాదికొచ్చిండు. కానీ ఒక్క కాడ తప్పు పడ్డది, అదే కథకు గుండెకాయ అసుంటి జాగ.

కోయకముందు ఆ జాయింటు మీద టెస్టర్ వెలగదు. జాయింటు తెగనంతసేపు అది బోర్డు కాడి న్యూట్రల్‌తోని కలిసే ఉంటది. అంటే దాదాపు సున్నా వోల్టు. జాయింటు పూర్తిగా విడిపోతే తప్ప టెస్టర్‌కు ఏం కనవడది. పోరడు కాగితం చదివి మళ్ళ పోయి పెట్టినా అది సప్పుడు చెయ్యదు.

కోసినంక ఏమైతదో చూడు. ఆ జాయింటుల మూడు కొసలు ఉంటయి. ఒకటి బోర్డు నుంచి వచ్చేది, అది న్యూట్రల్ గానే ఉంటది, ఏం చెయ్యదు. రెండోది ముందుగదికి పోయేది, దాని ఫ్యూజు జేబులున్నది కాబట్టి అదీ చచ్చినట్టే. మూడోది వంటింటికెళ్ళి వచ్చేది. వంటింట్ల ఏదన్న నడుస్తుంటే, నీలం ఫేజు ఆ సామాన్ల నుంచి దూరి ఈ కొసకు వచ్చి నిలవడ్తది. 230 వోల్టులు. నల్లతీగ గదా అని పోరడు ఒక చేత్తోని ఆ కొస, ఇంకో చేత్తోని బోర్డు కొస పట్టుకొని మెలెయ్యబోతే, కరెంటు ఒక చేతికెళ్ళి ఇంకో చేతికి, నడుమ గుండె మీదికెళ్ళి పోతది.

అందుకే చెప్తున్న, నీ కథల టెస్టర్‌ను వెలిగించకు. అది వెలగకపోవుడే అసలు ప్రమాదం.

గోరింట:

అన్నా, చాలా థాంక్స్. నేను వెలిగించింది చదివేవాళ్ళకి భయం తెలియాలని. కానీ మీరు చెప్పింది ఇంకా భయంగా ఉంది. ఒక అనుమానం. టెస్టర్ చెప్పకపోతే చిన్నాకి కాగితం మీద నమ్మకం ఎలా కుదురుతుంది? ఏడు నెలల పనివాడు, చేతిలో టెస్టర్ కాదంటుంటే చెదలు కొట్టిన కాగితాన్ని నమ్ముతాడా?

సర్క్యూట్ సత్యం:

కథ బాగుంది కానీ ఈ రోజుల్లో ఇది పెద్ద సమస్య కాదండీ. ఇంటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే షాక్ కొట్టగానే కట్ అయిపోతుంది. మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఉంది. కథ పాతకాలంలో జరిగినట్టు రాస్తే సరిపోతుంది.

ఓరుగల్లు వైర్‌మన్:

సత్యం గారూ, ఆర్‌సీసీబీ మంచిదే, ఉండాలె. కానీ పైన నేను చెప్పిన తీరుల అది కాపాడదు. అది చూసేది ఒక్కటే, ఫేజుల నుంచి పోయిన కరెంటు న్యూట్రల్ల నుంచి అంతే తిరిగొస్తున్నదా లేదా అని. మనిషి కాలు నేలకు ఆనిచ్చి ఫేజు ముట్టుకుంటే కొంత నేలలకు పోతది, లెక్క తప్పుతది, అది పడిపోతది. మన పోరడు చెక్క స్టూలు మీద నిలవడ్డడు. రెండు చేతులల్ల ఒకే తీగ రెండు కొసలు. పోయింది పోయినట్టే అతని ఒంట్లకెళ్ళి న్యూట్రల్లకు తిరిగొస్తది. లెక్క సరిపోయింది. ఆర్‌సీసీబీ దృష్టిల అతనొక బల్బు అసుంటోడు.

ఎంసీబీ గూడ పడది. మనిషిని చంపేటందుకు కావాల్సిన కరెంటు దానికి లెక్కలకే రాదు.

సర్క్యూట్ సత్యం:

ఇది నాకు తెలియదు. రెండు చేతుల సంగతి ఆలోచించలేదు. మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేలకి తగిలితే మాత్రం పడుతుంది కదా?

ఓరుగల్లు వైర్‌మన్:

అవును, అప్పుడు పడ్తది.

రేపల్లె రాణి:

అందరికీ నమస్తే. మా ఇంట్లోనూ ఇలాగే జరిగింది. మొన్న వైశాఖంలో గాలివాన వచ్చి స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిపోయింది. మా వీధిలో నాలుగిళ్ళలో టీవీలు, మా ఇంట్లో ఫ్యాను రెగ్యులేటరు, సెట్‌టాప్ బాక్సు కాలిపోయాయి. ఫ్యాను మార్పించాను, ఇప్పుడు మూలుగుతోంది. కెపాసిటర్ వల్లా, బేరింగ్ వల్లా? 2.5 మైక్రోఫారడ్ అని ఉంది దాని మీద.

పాతబోర్డు:

రాణి గారూ, ఫ్యాను సంగతి వేరే పోస్టు పెట్టండి, అక్కడ చెప్పేవాళ్ళున్నారు. కానీ మీరు చెప్పిన స్తంభం సంగతి ఈ కథకి బాగా దగ్గరది. వీధిలో జరిగిందే ఆ మేడలో చిన్న ఎత్తున జరుగుతోంది.

నేను పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. గోరింట గారు కథ మొదటి మాటలోనే తెగులు గుర్తు పెట్టారు. అది మీకు తెలిసి రాశారో, పెదనాన్న నోట విని రాశారో గానీ బంగారం లాంటి గుర్తు. మామూలుగా ఇంట్లో ఇస్త్రీపెట్టె పెడితే దీపం కాస్త మందగిస్తుంది. తీగలో వోల్టేజి పడిపోతుంది కాబట్టి. దానికి బదులు దీపం వెలుగు పెరిగిందంటే అనుమానించాల్సింది ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న న్యూట్రల్‌నే.

ఒక్క లెక్క చెప్తాను. ఆ జాయింటు పూర్తిగా ఊడిపోయిందనుకోండి, రెండు ఫ్యూజులూ ఉన్నాయనుకోండి. అప్పుడు ముందుగదిలోని 100 వాట్ల బల్బు, వంటింట్లోని 1000 వాట్ల ఇస్త్రీపెట్టె ఒకదాని వెనక ఒకటి పడి, రెండు ఫేజుల మధ్య నిలబడతాయి. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు. ఇస్త్రీపెట్టె నిరోధం 53 ఓములు, బల్బుది 529. పదోవంతు, పదింతలు. వోల్టేజి ఆ వాటాలోనే పంచుకుంటుంది. ఇస్త్రీపెట్టెకి 36 దక్కితే బల్బు నెత్తిన 364 పడుతుంది. బలహీనమైన లోడే కాలిపోతుంది. రాణి గారింట్లో రెగ్యులేటరు, సెట్‌టాప్ బాక్సు పోయినట్టు.

కథలో జాయింటు ఇంకా పూర్తిగా ఊడలేదు, కమిలింది. అందుకే బల్బు పేలలేదు, ధగ్గుమంటోంది.

కథల పెట్టె:

నాకు కరెంటు తెలియదు, కథలు చదువుతాను. గోరింట గారూ, ఒక ప్రశ్న. ఆ తీగ ఇద్దరికీ ఒక్కటే వేసింది మేస్త్రే కదా. అంటే ప్రమాదం పెట్టిందీ ఆయనే, కాపాడిందీ ఆయనే. ఆయనకి తెలిసే ఆ వాక్యం రాశాడంటే, తప్పు చేశానని తెలిసే రాశాడా? కథలో ఆ మాట ఎక్కడా లేదు. నాకు అదే కావాలనిపించింది.

ఓరుగల్లు వైర్‌మన్:

కథల పెట్టె గారూ, తప్పనుడు నాకు మనసొప్పదు. అప్పట్ల చెక్క కేసింగుల తీగలు పోయేవి. ఒక తీగ తగ్గితే ఇంటాయనకు పైసలు మిగిలేవి, కేసింగుల జాగ మిగిలేది. వేరు వేరు ఫేజులైతే ఉమ్మడి న్యూట్రల్ మీద బరువు గూడ ఎక్కువ పడది. చెరి 5 ఆంపియర్లు గుంజితే న్యూట్రల్ల 10 పోవు, 5 పోతయి.

పాతబోర్డు:

అది వేరు వేరు ఫేజుల మీద ఉన్నంతకాలమే. మన ఊళ్ళలో ఎండాకాలం వచ్చిందంటే ఏం చేస్తాం? ఒక ఫేజు పోగానే, వోల్టేజి తగ్గగానే, ఫేజ్ ఛేంజర్ తిప్పి రెండు లైన్లూ బాగున్న ఫేజు మీదకి వేసుకుంటాం. అప్పుడు ఆ ఒక్క నల్లతీగలో 5, 5 కలిసి 10 అవుతాయి. ఏళ్ళ తరబడి అలా నడిస్తే చేత్తో మెలేసిన జాయింటు వేడెక్కి, సడలి, ఇంకా వేడెక్కుతుంది. చిన్నా చూసిన గోధుమరంగు రాగి అదే. మేస్త్రి గీసిన రోజున ఆ ఇంట్లో ఫేజ్ ఛేంజర్ ఉండి ఉండదు.

నా మాట మాత్రం ఒక్కటే. ఒక్కో లైనుకి ఒక్కో న్యూట్రల్ వేయాలి. తీగ ఖర్చు నెపంతో ఉమ్మడిది వేయడాన్ని నేను సమర్థించను. కాగితం గీసినా సరే.

డల్లాస్ నుంచి:

మా వైపు ఇళ్ళలో ఇప్పటికీ ఇలా ఉమ్మడి న్యూట్రల్ వేస్తారు, అనుమతి ఉంది. కానీ 2008 నుంచి కోడ్‌లో ఒక షరతు పెట్టారు. ఆ న్యూట్రల్ పంచుకునే బ్రేకర్లన్నీ ఒకేసారి ఆగాలి. రెండు బ్రేకర్ల పిడుల్నీ కలుపుతూ చిన్న కడ్డీ ఉంటుంది, ఒకటి దించితే రెండోదీ దిగుతుంది. మీ మేస్త్రి కాగితం మీద రాసిన మాటే ఇక్కడ కడ్డీ అయింది.

ఇంకో సంగతి, ఇక్కడ నల్లతీగ ఫేజు, తెల్లది న్యూట్రల్. నేను వచ్చిన కొత్తలో గ్యారేజీలో స్విచ్చు మారుస్తూ నల్లది కదా అని ధీమాగా చెయ్యి పెట్టబోయాను. మా పక్కింటాయన చెయ్యి పట్టుకుని లాగాడు. రంగుని చూసి నమ్మకూడదని ఆ రోజు తెలిసింది.

ఓరుగల్లు వైర్‌మన్:

గోరింట అక్కా, నువ్వు అడిగినదానికి జవాబియ్యలే, ఇప్పుడిస్తున్న. పోరడు కాగితాన్ని ఎట్ల నమ్ముతడు అన్నవు గదా. ఫ్రిజ్జును వాడుకో.

ఫ్రిజ్జు ఆగకుంట నడవది. సల్లబడ్డంక థర్మోస్టాట్ కట్ చేస్తది, కొంతసేపు ఊకుంటది, మళ్ళ మొదలువెడ్తది. వంటింట్ల ఇంకేం నడుస్తలేదనుకో, ఫ్రిజ్జు ఊకున్న టైముల జాయింటు కోస్తే, ఆ మూడో కొస మీద గూడ టెస్టర్ వెలగది. పోరడు పరీక్ష చేసుకున్నా ఏం దొరకది. ఇగ ధైర్యంగ రాగి వలుస్తుంటడు, అప్పుడు ఫ్రిజ్జు గుర్రుమంటది. అదే క్షణంల ఆ కొసలకు కరెంటు వస్తది. నాకు తెలిసిన ఒకాయనకు గిట్లనే అయింది. బతికిండు, కానీ ఎడమచేతి రెండు వేళ్ళు ఇప్పటికి సక్కగ ముడవయి.

పాతబోర్డు:

సరిగ్గా చెప్పారు. క్లాంప్ మీటరు ఉంటే నల్లతీగకి తగిలించి చూడొచ్చు. ముందుగది ఫ్యూజు తీసేసినా దాన్లో కరెంటు పోతోందంటే ఇంకెవరిదో ఉన్నట్టు. కానీ ఫ్రిజ్జు ఆగి ఉంటే అదీ సున్నాయే చూపిస్తుంది. అందుకే మెయిన్ కట్టేయకుండా న్యూట్రల్ జాయింటు విప్పొద్దని పిల్లలకి చెప్పేవాణ్ణి. ఇన్సులిన్‌కి అరగంటలో ఏమీ కాదు, ఫ్రిజ్జు తలుపు తీయకుండా ఉంచితే చాలు. ఆ మాట చిన్నా చేత ఇంటావిడకి చెప్పించండి.

గోరింట:

మీ ఇద్దరి మాటా పట్టుకుని ఆ ముక్క తిరగరాశాను. చూడండి.

"చిన్నా స్టూలెక్కి జాయింటు మీద టెస్టర్ పెట్టాడు. వెలగలేదు. ఇంకోసారి పెట్టాడు. వెలగలేదు. కాగితం పాతదై ఉంటుంది, ఎవరో మార్చి ఉంటారు అనుకుంటూ ప్లయర్ దవడలు నల్లతీగ మీద ఆనించాడు.

వంటింట్లో ఫ్రిజ్జు గుర్రుమంది.

అంతవరకూ అది ఆగి ఉందన్న సంగతే అతనికి తట్టలేదు. చప్పుడు గోడలోంచి వరండా దాకా వచ్చింది. వంటింటిది నీలం గీత. నీలం గీత తిరిగొచ్చేది ఇక్కడికే. ప్లయర్ వెనక్కి తీసుకుని, స్టూలు దిగి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

'అమ్మా, అరగంట ఫ్రిజ్జు తలుపు తీయకండి. మందు పాడవదు. ఇల్లంతా ఆర్పుతున్నాను.'"

ఓరుగల్లు వైర్‌మన్:

ఇప్పుడు సరిగ్గున్నది. "ఇంకోసారి పెట్టాడు" అన్నకాడ నా పానం ఆగింది.

కథల పెట్టె:

ఇది చాలా బాగుంది. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది. సాయంత్రం మేస్త్రి ఏమంటాడు? "కొత్తది గీద్దాం" అంటే ఆ కాగితంలో మళ్ళీ ఉమ్మడి తీగే గీస్తారా, రెండు తీగలు గీస్తారా?

పాతబోర్డు:

రెండు గీయాలి. ఆ మేడలో రెండో న్యూట్రల్ లాగించి, అప్పుడు గీయాలి.

ఓరుగల్లు వైర్‌మన్:

నేనైతే ఉన్నది ఉన్నట్టు గీయిస్త. రెండో తీగ లాగెదాక ఎన్ని దినాలు పడ్తదో. కాగితం మీద లేనిది గీస్తే, దాన్ని నమ్మి చెయ్యి పెట్టినోడు పోతడు. తీగ మారిన నాడు కాగితం మార్చాలె, అంతకన్న ముందు కాదు.

రేపల్లె రాణి:

నేను ఇందాక మా బోర్డు తలుపు తీసి చూశాను. కాగితమేమీ లేదు. స్తంభం దగ్గర మళ్ళీ తెగకుండా ఇంట్లో ఏమైనా పెట్టుకోవచ్చా?

పాతబోర్డు:

తెగకుండా మీరు ఆపలేరమ్మా. వోల్టేజి మితిమీరితే లైను కట్ చేసే రిలే దొరుకుతుంది, లైసెన్సున్న వైర్‌మన్ చేత పెట్టించుకోండి. అప్పుడే అతని చేత కాగితం కూడా గీయించండి.

గోరింట:

కథల పెట్టె గారూ, రాత్రంతా దాని గురించే ఆలోచించాను. పెదనాన్న నోట్‌బుక్కులు పెద్దమ్మ దగ్గర ట్రంకుపెట్టెలో ఉన్నాయి. ఆదివారం వెళ్తున్నాను. అందులో ఉమ్మడి తీగ వేసిన ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో చూడాలి. చివరి ముక్క అక్కణ్ణుంచి వచ్చాకే రాస్తాను.